పెళ్లి ఫొటోలో తాతయ్య: అతికించిన ముఖం, పుట్టించిన ముఖం

పెళ్లి ఆల్బమ్‌లో లేనివాళ్లను చేర్చడం మన ఫొటో స్టూడియోలకు కొత్త పనేమీ కాదు. పెళ్లినాటికి కాలం చేసిన తండ్రినో తాతనో పాత ఫొటోలోంచి కత్తిరించి గ్రూప్ ఫొటోలో నిలబెట్టడం ఫొటోషాప్ వచ్చిన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది. కాకపోతే ఆ కత్తిరింపు ఇట్టే దొరికిపోయేది. మండపంలో వెలుతురు ఒకవైపు నుంచి పడుతుంటే తాతయ్య ముఖం మీద మాత్రం మరోవైపు నుంచి పడేది. అందరూ పెళ్లికూతురి వైపు చూస్తుంటే ఆయన ఒక్కడే పాస్‌పోర్ట్ ఫొటోకి దిగినట్టు బిగుసుకుని ఉండేవాడు.

ఇప్పుడు అదే పని చెయ్యడానికి రెండు దారులున్నాయి. మొదటిది ముఖమార్పిడి. తాతయ్య కూర్చోవాల్సిన కుర్చీలో బాబాయిని కూర్చోబెట్టి ఫొటో తీసి, బాబాయి ముఖం స్థానంలో తాతయ్య ముఖం తెస్తారు. రెండోది డిఫ్యూజన్. కుర్చీని ఖాళీగా వదిలేసి, అందులో కూర్చున్న తాతయ్యను పంచె కండువాలతో సహా కంప్యూటర్ చేత మొత్తంగా గీయిస్తారు. రెండింటినీ కలిపి ‘ఏఐ ఫొటో’ అనేస్తున్నాం కానీ లోపల జరిగే పని వేరు, చెడిపోయే తీరు వేరు, చెడిందని పట్టుకునే చోటూ వేరే. మొదటిది ఫొటోను అలాగే ఉంచి అందులో ఒక చిన్న చదరాన్ని మారుస్తుంది. రెండోది ఒక మనిషిని గుర్తుపెట్టుకుని, అతని చుట్టూ బొమ్మను కల్పిస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతావన్నీ దానంతటవే తేలతాయి.

ముందు ముఖమార్పిడి సంగతి. రూప్, రియాక్టర్, ఫేస్‌ఫ్యూజన్ వంటి టూల్స్ చాలా వాటి వెనక ఉన్నది `inswapper_128.onnx` అనే ఒకే ఒక మోడల్ ఫైలు. అది నేరుగా ఫొటో మీద పనిచెయ్యదు. ముందు డిటెక్టర్ అనే ఇంకో మోడల్ ఫొటో అంతా వెతికి ముఖం ఎక్కడుందో పట్టుకుని, ఐదు చుక్కలు పెడుతుంది: రెండు కళ్లు, ముక్కు కొస, పెదవుల రెండు చివర్లు. ఆ తర్వాత ఈ ఐదు చుక్కలూ ముందే నిర్ణయించిన చోట్లలో పడేలా ముఖాన్ని తిప్పి, పెంచి లేదా తగ్గించి, పక్కకి జరుపుతారు. ముఖాన్ని తిన్నగా సర్దే పని ఇదే. ఆ నిర్ణీత చోట్లు ఇవి:

```
[38.2946, 51.6963]
[73.5318, 51.5014]
[56.0252, 71.7366]
[41.5493, 92.3655]
[70.7299, 92.2041]
```

112 పిక్సెళ్ల చదరంలో ఎడమ నుంచి కుడికి ఎంత, పై నుంచి కిందికి ఎంత అని చెప్పే అంకెలివి. ముఖాలను గుర్తుపట్టే ఇన్‌సైట్‌ఫేస్ లైబ్రరీలో ఇవి స్థిరంగా ఉంటాయి. మార్పిడి మోడల్‌కి కావలసింది 128 పిక్సెళ్ల చదరం కాబట్టి అంతా 8 పిక్సెళ్లు పక్కకి జరిపి అవే వాడతారు. మొదటి రెండు వరసల్లో ఉన్నవి కళ్లు. 73.5 లోంచి 38.3 తీసేస్తే సుమారు 35. అంటే ఎవరి ముఖమైనా సరే, సర్దిన తర్వాత రెండు కళ్ల మధ్య దూరం దాదాపు 35 పిక్సెళ్లే.

ఈ 35 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఫొటో నాణ్యత గుట్టంతా ఇక్కడే ఉంది. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న బాబాయి కళ్ల మధ్య దూరం అసలు ఫొటోలో 140 పిక్సెళ్లు ఉందనుకోండి. మంచి కెమెరాతో తీసిన పెళ్లి ఫొటోలో అంత ఉండడం మామూలే. దాన్ని 35కి దించాలంటే నాలుగో వంతుకి కుదించాలి. మోడల్ ఆ చిన్న చదరంలో కొత్త ముఖాన్ని గీసి ఇస్తే, దాన్ని మళ్లీ నాలుగింతలు సాగదీసి వెనక్కి అతికించాలి. మోడల్ గీసిన ఒక్కో పిక్సెల్ ఫొటోలో పదహారు పిక్సెళ్ల జాగా నింపుతుందన్నమాట. పక్కనే ఉన్న చెవి మీద వెంట్రుక కూడా స్పష్టంగా కనపడుతుంటే, చెంప మాత్రం పౌడరు అద్దినట్టు నున్నగా ఉంటుంది. ‘ఏదో తేడాగా ఉంది’ అని చూసినవాళ్లు అనేది ఎక్కువగా దీన్ని చూసే.

ఈ మసక పోగొట్టడానికి చివర్లో జీఎఫ్‌పీ-గాన్, కోడ్‌ఫార్మర్ వంటి ముఖ పునరుద్ధరణ మోడళ్లు తగిలిస్తారు. అవి పోయిన వివరాన్ని తిరిగి తేవు. ఇలాంటి ముఖం మీద మామూలుగా ఎలాంటి చర్మం ఉంటుందో, ఎలాంటి కనురెప్పలుంటాయో ఊహించి గీస్తాయి. వాటి బలాన్ని పూర్తిగా పెంచితే డెబ్భై ఏళ్ల తాతయ్య సీరియల్ నటుడిలా తయారవుతాడు. నా మటుకు నేను సగం బలం దాటనివ్వను. కాస్త మసకైనా మనిషి మిగులుతాడు.

ఇంతకీ ఆ చదరంలోకి తాతయ్య ముఖం ఎలా వస్తుంది? చాలామంది అనుకునేది, ఆయన ఫొటోలోంచి కళ్లు ముక్కు తెచ్చి అతికిస్తారని. కానే కాదు. ఆయన ఫొటో మార్పిడి మోడల్ కంట పడదు. 2019లో వెలువడిన ఆర్క్‌ఫేస్ పద్ధతిలో శిక్షణ పొందిన గుర్తింపు మోడల్ ఆ ముఖాన్ని చూసి 512 అంకెల వరస ఒకటి ఇస్తుంది. దాన్నే ఎంబెడింగ్ అంటారు. మార్పిడి మోడల్‌కి అందేది ఆ అంకెలు, బాబాయి ముఖం ఉన్న చదరం, అంతే. బాబాయి తల వాలు, నవ్వు, వెలుతురు చదరంలోంచి తీసుకుని, పోలిక మాత్రం అంకెల్లోంచి తీసుకుంటుంది.

ఆ అంకెల్లో ఏముంది, ఏం లేదు అన్నది అర్థమైతే సగం చిక్కులు విడిపోతాయి. ఆర్క్‌ఫేస్‌కి ఇచ్చిన శిక్షణ ఒకే మనిషి ఫొటోలు ఎన్ని రకాలుగా ఉన్నా దగ్గరదగ్గర అంకెలు ఇవ్వాలని, వేర్వేరు మనుషులకు దూరదూరంగా ఇవ్వాలని. అందుకోసం ఫొటో ఫొటోకి మారిపోయేవాటిని, అంటే వెలుతురు, నవ్వు, తల వాలు, జుట్టు, గడ్డం వంటివాటిని, వీలైనంత పట్టించుకోకుండా ఉండడం నేర్చుకుంటుంది. ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఎప్పుడూ చూడని కుర్రాణ్ణి చూసి ‘నువ్వు ఫలానావాళ్ల మనవడివి కదూ’ అనేస్తాడు, కానీ ఆ ముఖాన్ని బొమ్మ గీయమంటే చేతులెత్తేస్తాడు. ఎంబెడింగ్‌ది సరిగ్గా ఆ తెలివే. గుర్తుపట్టడానికి నేర్చుకున్నదాన్ని మనం గీయడానికి వాడుకుంటున్నాం. అందుకే తాతయ్య చెంప మీది పుట్టుమచ్చ రాదు. ఆయన మీసం కూడా నమ్మకంగా రాదు.

కాబట్టి ముఖమార్పిడిలో అసలు నైపుణ్యం కంప్యూటర్ దగ్గర కాదు, కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలన్న దగ్గర ఉంది. తల ఆకారం, చెవులు, మెడ, జుట్టు, ఒంటి రంగు అన్నీ కూర్చున్నవాళ్లవే మిగులుతాయి. తాతయ్యది కోలముఖమైతే గుండ్రటి ముఖమున్న మేనమామను కూర్చోబెట్టి లాభం లేదు, ఎవరో మూడో మనిషి పుడతాడు. తాతయ్య కొడుకే అయిన బాబాయి, అదే చాయ, అదే దవడ, వీలైతే అదే తరహా మీసం ఉంటే పని ముప్పాతిక వంతు అయినట్టే. కళ్లజోడు కూడా బాబాయికే పెట్టాలి. ఫ్రేము చదరం లోపల ఉన్నంతవరకు మోడల్ దాన్ని ఎలాగోలా నిలుపుతుంది గానీ, కళ్లజోడు కాడ చదరం అంచు దాటే చోట తరచూ చెరిగిపోతుంది.

ఇక అంచు సంగతి. మోడల్ ఇచ్చిన చదరాన్ని వెనక్కి తిప్పి ఫొటోలో పెట్టేటప్పుడు అంచులు కనబడకుండా ఒక మాస్క్ వాడతారు. మామూలు పద్ధతిలో అది ముఖం ఆకారంలో ఉండదు, చదరంగానే ఉంటుంది. దాన్ని అంచుల నుంచి కొంత లోపలికి కుదించి, ఆ అంచును మసకబార్చి, లోపల కొత్త ముఖాన్నీ బయట పాత ఫొటోనూ మెల్లగా కలిపేస్తారు. ముఖానికి అడ్డంగా ఏమీ లేనప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. అక్షింతలు వేస్తున్న చెయ్యి బాబాయి గడ్డానికి అడ్డొస్తే మాత్రం వేళ్లు పెదవుల్లోకి కరిగిపోతాయి. అందుకే అడ్డొచ్చిన వస్తువును గుర్తించి దాన్ని వదిలేసే మాస్కులు ఇప్పటి టూల్స్‌లో వేరుగా వస్తున్నాయి.

ఈ గొలుసులో ముందుగా తెగేది మొదటి కొక్కెమే, అంటే డిటెక్టర్. అది ముఖాన్ని పట్టుకోకపోతే తర్వాతిదేదీ జరగదు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న పేరుతో తిరిగిన నకిలీ వీడియో గుర్తుండే ఉంటుంది. వేరొక మహిళ లిఫ్ట్‌లోకి వస్తున్న వీడియో మీద రష్మిక ముఖం పెట్టారు. 2024 జనవరిలో ఆ కేసులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన యువకుణ్ణి ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. ఆ వీడియోను నిలిపి నిలిపి చూసినవాళ్లకు, ఆమె లిఫ్ట్ తలుపు దగ్గరికి వచ్చే తొలి క్షణంలో అసలు మహిళ ముఖమే కనబడి, వెంటనే మారిపోవడం దొరికింది. ముఖమార్పిడి ఫ్రేము ఫ్రేముకూ విడివిడిగా జరిగే పని. ముఖం సగమే కనబడే ఫ్రేముల్లో డిటెక్టర్ తప్పితే అక్కడ పాత ముఖం అలాగే మిగిలిపోతుంది. పూర్తిగా పక్కకి తిరిగినప్పుడూ ఇదే ఇబ్బంది. రెండో కన్ను కనబడదు, ఐదు చుక్కల్లో రెండు ఊహగా పడతాయి, సర్దడం తప్పుతుంది. అనుమానపు వీడియో చేతికొస్తే మనిషి ఎదురుగా చూస్తున్న చోట కాదు, తల తిప్పే చోట, చెయ్యి అడ్డొచ్చే చోట, ఫ్రేములోకి వచ్చే చోట ఆపి చూడాలనడానికి కారణం ఇదే.

రెండో దారి ఇంకోలా మొదలవుతుంది. డిఫ్యూజన్ మోడల్ ఉత్త గరుకు చుక్కల నుంచి బయల్దేరుతుంది. ఒక్కో అడుగులో కొంత గరుకు తీసేస్తూ, ముప్పై నలభై అడుగుల్లో బొమ్మగా తేలుస్తుంది. ఏ బొమ్మ తేలాలన్నది మనం రాసే వాక్యం చెబుతుంది: తెల్ల పంచె కట్టుకుని మండపంలో కుర్చీలో కూర్చున్న ముసలాయన అని. ఆ వాక్యం టోకెన్లనే ముక్కలుగా మారుతుంది. బొమ్మలోని ప్రతి చోటూ ఆ టోకెన్లను చూసుకుంటూ తన రూపం నిర్ణయించుకుంటుంది. అయితే ముసలాయన అంటే ఏ ముసలాయనైనా రావచ్చు. తాతయ్యే రావాలంటే?

ఇక్కడికి మళ్లీ అవే 512 అంకెలు వస్తాయి. 2023లో వచ్చిన ఐపీ-అడాప్టర్ కుటుంబంలోని ఫేస్‌ఐడీ రకాలు, 2024 జనవరిలో వచ్చిన ఇన్‌స్టంట్‌ఐడీ చేసేది ఇదే. ఇన్‌సైట్‌ఫేస్ ఇచ్చిన ఎంబెడింగ్‌ను ఒక చిన్న నెట్‌వర్క్ గుండా పంపి, వాక్యంలోని మాటలకు తోడుగా కొన్ని ముఖపు టోకెన్లుగా మారుస్తారు. ఇన్‌స్టంట్‌ఐడీలో అవి పదహారు. వాక్యం చెప్పేది ఒక తూము గుండా, ముఖం చెప్పేది ఇంకో తూము గుండా బొమ్మలోకి పారతాయి. రెండో తూముకి ఎంత నీరు వదలాలో మన చేతిలో ఉంటుంది. ఇన్‌స్టంట్‌ఐడీ ఇంకో అడుగు వేసి, ఖాళీ పలక మీద ఐదు చుక్కలు పెట్టి ముఖం ఇక్కడ, ఇంత సైజులో, ఇటు వాలి ఉండాలని కూడా చెబుతుంది. ఆ ఐదూ మనం ఇందాక చూసినవే: కళ్లు, ముక్కు, పెదవుల చివర్లు.

ముడిసరుకు ఒకటే అయినా ఫలితం తేడాగా ఉంటుంది. ముఖమార్పిడిలో బాబాయి ముఖం ఆధారంగా ఉంది కాబట్టి అంకెలు చెప్పనిదాన్ని ఆ ముఖం పూడ్చింది. డిఫ్యూజన్‌లో ఆధారమేదీ లేదు. అంకెలు చెప్పనిదాన్నంతా మోడల్ తన శిక్షణలో చూసిన కోట్లాది ఫొటోల అలవాటు నుంచి పూడుస్తుంది. అవే అంకెలు, అదే వాక్యం ఉంచి మొదటి గరుకును మాత్రం మార్చి నాలుగుసార్లు గీయిస్తే నలుగురు అన్నదమ్ములు వస్తారు. నలుగురూ తాతయ్య పోలికే, ఒక్కరూ తాతయ్య కాదు. ఇంట్లోవాళ్ల కన్ను దీన్ని చప్పున పడుతుంది. ఆయన్ని ఎరగనివాళ్లకు నలుగురూ ఆయనే.

యంత్రం లెక్క కూడా ఇక్కడ మోసం చేస్తుంది. గీసిన ముఖాన్ని మళ్లీ ఆర్క్‌ఫేస్‌కి చూపించి, పాత ఫొటో అంకెలతో ఎంత కలిసిందో కొలవడం పరిపాటి. ఆ కొలత బాగానే వస్తుంది మరి, ఆ అంకెలు పెట్టుకునే కదా గీసింది. తాను చెప్పిన జవాబుకి తానే మార్కులు వేసుకోవడం లాంటి ఈ చిక్కు తప్పాలంటే, గీతలో పాలు లేని వేరే గుర్తింపు మోడల్‌తో కొలవాలి. లేదా పిన్నికి చూపించాలి.

ముఖపు తూము ఎంత తెరవాలన్నది మరో తలనొప్పి. తక్కువగా తెరిస్తే వాక్యం చెప్పిందంతా వస్తుంది, ముఖం జారిపోతుంది. పూర్తిగా తెరిస్తే ముఖం నిలుస్తుంది గానీ మిగతాదంతా బిగుసుకుపోతుంది: నవ్వమన్నా నవ్వడు, పక్కకి చూడమన్నా చూడడు, రంగులు గాఢమై చర్మం మైనపు బొమ్మలా మెరుస్తుంది. ఇన్‌స్టంట్‌ఐడీ తయారుచేసినవాళ్లు తమ ఉదాహరణల్లో దాన్ని 0.8 దగ్గర పెట్టారు. అక్కడ మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకోవడం మంచిది.

ముఖం చిన్నదైతే ఇబ్బంది ఇంకా ముదురుతుంది. ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే డిఫ్యూజన్ మోడల్ 1024 పిక్సెళ్ల చదరపు బొమ్మను నేరుగా గీయదు. దాన్ని రెండు వైపులా ఎనిమిదింతలు కుదించిన 128 గళ్ల పలక మీద పనిచేసి, చివర్లో సాగదీస్తుంది. నిలువెత్తు మనిషిని గీయిస్తే ముఖం వెడల్పు 80 పిక్సెళ్లకు మించదు. అంటే పలక మీద పది గళ్లు, ఒక్కో కంటికి ఒకటో రెండో. అన్ని తక్కువ గళ్లలో తాతయ్య కాదు కదా, ఎవరి కళ్లూ తిన్నగా రావు. దీనికి అందరూ చేసే చికిత్స ఏమిటంటే, గీసిన బొమ్మలో డిటెక్టర్‌తో ముఖాన్ని పట్టుకుని, ఆ ముక్కను పెంచి, పెద్ద సైజులో మళ్లీ గీయించి, కుదించి, అంచులు మసకబార్చి వెనక్కి అతికించడం. పట్టుకోవడం, సర్దడం, అతికించడం అనే పాత పనులన్నీ దొడ్డిదారిన తిరిగొచ్చాయన్నమాట. కొందరైతే డిఫ్యూజన్‌తో మనిషిని గీయించి, చివర్లో ముఖమార్పిడి కూడా చేసేస్తారు.

మన పెళ్లి ఫొటోకి డిఫ్యూజన్‌తో ఇంకో చిక్కుంది. మొత్తం ఫొటోను దాని చేతికిస్తే పెళ్లికూతురు సహా అందరి ముఖాలూ కొద్దికొద్దిగా మారిపోతాయి. అందుకని కుర్చీ ఉన్న జాగా వరకే మాస్క్ గీసి అక్కడ మాత్రమే నింపమంటారు. అయినా ఫొటో ఒకసారి ఆ కుదింపులోకి వెళ్లి బయటికొచ్చిందంటే మాస్క్ బయట ఉన్న చీర జరీ, దూరంగా నిలబడ్డ పిల్లల ముఖాలు కాస్త చెదురుతాయి. కాబట్టి చివర్లో మాస్క్ బయటి భాగాన్ని అసలు ఫొటోలోంచే తెచ్చి పరచాలి. ఇది మరచిపోయిన ఆల్బమ్‌లో తాతయ్య బాగానే ఉంటాడు, వెనక వరసలో చుట్టాలే గుర్తుపట్టలేకుండా ఉంటారు.

నకిలీని యంత్రంతో పట్టుకోవడంలోనూ ఈ రెండు దారుల తేడా తేటగా కనబడుతుంది. 2020లో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ వాళ్లు ఫేస్ ఎక్స్-రే అనే పద్ధతి ప్రకటించారు. ప్రతి ఫొటోలోనూ కెమెరా సెన్సరు, కుదింపు కలిసి వదిలే సన్నటి గరుకు ఉంటుంది. ముఖం ఒక చోటి నుంచి, నేపథ్యం మరో చోటి నుంచి వస్తే అతుకుకి ఇటూ అటూ ఆ గరుకు తేడాగా ఉంటుంది. ఆ అతుకును వెతికి చూపడమే ఈ పద్ధతి. ముఖమార్పిడి మీద ఇది బాగా పనిచేసింది. అతుకే లేకుండా మొదటినుంచీ పుట్టించిన బొమ్మ మీద మాత్రం సరిగ్గా పనిచెయ్యకపోవచ్చని దాన్ని తయారుచేసినవాళ్లే ఆ పరిశోధన పత్రంలో రాశారు. బాగా కుదించిన వీడియోల్లోనూ దాని బలం తగ్గుతుంది, వాట్సాప్‌లో పది చేతులు మారిన వీడియో సరిగ్గా అలాంటిదే. పుట్టించిన బొమ్మలో ముఖం మీద కంటే చుట్టుపక్కల వెతకడం మేలు. కండువా అంచు భుజం వెనక్కి వెళ్లి మళ్లీ ఎక్కడ తేలింది, కుర్చీ కాళ్లు నేలకి ఆనాయా, వెనక ఫ్లెక్సీ మీది తెలుగు అక్షరాలు అక్షరాలేనా?

ఇన్ని చూశాక, పెళ్లి ఫొటో కోసం అడిగితే నేను మొదటి దారే చెబుతాను. బాబాయి అక్కడ నిజంగానే కూర్చున్నాడు, ఆయన మీద పడ్డ వెలుతురు నిజం, పక్కన మనవరాలి చెయ్యి ఆయన భుజం మీద ఉండడం నిజం. మారాల్సింది ఒక్క చిన్న చదరమే. ఎవరూ కూర్చోకుండా పాత పెళ్లి ఫొటో మాత్రమే మిగిలినప్పుడు రెండో దారి పడతాం. ఏ దారైనా పాత ఫొటోలు ఒకటికి నాలుగు దొరికితే వాటి ఎంబెడింగ్‌ల సగటు తీసుకోవాలి. లామినేషన్ మెరుపులున్న ఒక్క రేషన్ కార్డు ఫొటోతో వచ్చిన అంకెల కన్నా అది చాలా నికరంగా ఉంటుంది.

పుట్టుమచ్చ మాత్రం ఎటు వెళ్లినా రాదు, బ్రష్‌తో చేత్తో పెట్టాల్సిందే. పెట్టేముందు ఆ పాత ఫొటో నెగటివ్ తిరగబడి ప్రింటయిందేమో చూసుకోవాలి. మగవాళ్ల చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది కాబట్టి, సరైన ఫొటోలో అది మనకు కుడివైపున కనబడాలి. ఎడమవైపున ఉందంటే ఫొటో తిరగబడిందని, మచ్చ రెండో చెంపదని.